ఒక బిందె మంచినీళ్లకు పది బిందెలు మోరీపాలు
బడిలో ఆర్వో మిషను ఎక్కువ నీళ్లు వదిలేస్తుంటే ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి, వదిలిన నీళ్లను దేనికి వాడాలి

హోసూరు దగ్గర పల్లెలో ఒక పంచాయతీ యూనియన్ పాఠశాల. తెలుగు మాధ్యమంలో 50 మంది దాకా పిల్లలు చదువుతున్నారు. దాత ఒకరు ఇచ్చిన ఆర్వో మిషను వరండా గోడకు ఉంది. ఇళ్లలో వాడే రకమే. రాత్రంతా ఆన్‌లో ఉంచినా పొద్దున్నకు పక్కనున్న పెద్ద స్టీలు క్యాను నిండదు. మధ్యాహ్న భోజనం వేళకే క్యాను ఖాళీ. ఆ తర్వాత పిల్లలు నేరుగా బోరు కుళాయి దగ్గరికి పోతారు. ఆ బోరు నీళ్లను తాగునీటి బోర్డు ల్యాబులో పరీక్ష చేయిస్తే లీటరుకు 1.9 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందని తేలింది. తాగునీటిలో అది 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట కూడా 1.5 దాటకూడదు. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలకు ఫ్లోరైడ్ బెడద కొత్త కాదు. హొగెనకల్ నీళ్ల పథకాన్ని ఈ రెండు జిల్లాలకు తెచ్చింది ప్రధానంగా అందుకే. ఈ బడికి కొళాయి నీళ్లు వచ్చే రోజులు కొన్నే. మిగతా రోజులు బోరే దిక్కు.

పైగా మిషను వెనకనుంచి వచ్చే సన్న గొట్టం మోరీలోకి ధారగా కారుతూనే ఉంటుంది. ఎండాకాలంలో బోరు తగ్గి, రెండు రోజులకోసారి ట్యాంకరు తెప్పించాల్సి వచ్చినప్పుడు హెడ్‌మాస్టరు గారికి ఆ గొట్టం మీద కన్ను పడింది. మెంబ్రేను మార్చాలంటూ మెకానిక్కు పెద్ద ఖర్చే చెప్పాడు. ఆ ఖర్చు పెట్టేముందు ఓసారి కొలిచి చూద్దామన్నది సైన్సు మేడం. ప్లంబింగ్ పని చేసే ఒక పిల్లవాడి తండ్రి సాయానికి వచ్చాడు. మెంబ్రేను మార్చకుండానే పని జరిగింది. ఏం చేశారో వరుసగా చూద్దాం. ఇదే పద్ధతి ఇంట్లో మిషనుకూ పనికొస్తుంది.

ముందు కొలత, తర్వాతే మాట

మిషను ఎక్కువ వదులుతోందా లేదా అన్నది కంటితో తేలదు. కావలసినవి మిల్లీలీటర్ల గీతలున్న రెండు కొలపాత్రలు, ఒక గడియారం. మిషను ఆన్ చేసి పది నిమిషాలు నడవనివ్వాలి. ఆ తర్వాత మంచినీళ్లు ట్యాంకులో పడే గొట్టాన్ని ఒక పాత్రలో, వదిలే నీళ్ల గొట్టాన్ని రెండో పాత్రలో ఒకేసారి పెట్టి ఐదు నిమిషాలు పట్టాలి. వచ్చినదాన్ని ఐదుతో భాగిస్తే నిమిషానికి ఎంతో తెలుస్తుంది.

ఎనిమిదో తరగతి పిల్లలు పట్టిన లెక్క ఇది. మంచినీళ్లు నిమిషానికి 50 మిల్లీలీటర్లు. వదిలినవి 480. అంటే ఒక లీటరు తాగే నీళ్లకు తొమ్మిదిన్నర లీటర్లు మోరీలోకి. పిల్లలకు రోజుకు 50 లీటర్లు కావాలి. ఆ లెక్కన మిషను పదహారున్నర గంటలు నడవాలి, 480 లీటర్లు వదలాలి. క్యాను ఎందుకు నిండడం లేదో, ట్యాంకరు ఎందుకు చాలడం లేదో రెండూ ఒకే లెక్కలో తేలిపోయాయి.

మరి ఎంత వదిలితే సరి? మామూలు ఇంటి ఆర్వో బాగున్నప్పుడు ఒక లీటరు మంచినీళ్లకు రెండున్నర నుంచి మూడు లీటర్లు వదులుతుంది. అసలు వదలకుండా నడిచే ఆర్వో లేదు. మెంబ్రేను వడపోసి పట్టిన ఉప్పును ఎప్పటికప్పుడు కడిగి బయటికి తీసుకుపోయేది ఆ నీళ్లే. అవి ఆగిపోతే ఉప్పంతా మెంబ్రేను మీదే పేరుకుంటుంది. కాబట్టి వదిలే నీళ్లను పూర్తిగా ఆపాలని చూడకూడదు. అవసరానికి మించి పోయేదాన్నే ఆపాలి.

లోపలికి వచ్చే నీళ్లకు బలం లేదు

మెంబ్రేను గుండా నీళ్లు దూరాలంటే ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడిలో కొంత ఉప్పును ఎదుర్కోవడానికే ఖర్చవుతుంది. నీళ్లలో టీడీఎస్ ప్రతి 100కు సుమారు ఒక పీఎస్ఐ అలా పోతుంది. మిగిలిన ఒత్తిడే నీళ్లను అవతలికి తోస్తుంది. ఈ బడి బోరు నీళ్ల టీడీఎస్ 1100. అంటే మొదటి 11 పీఎస్ఐ నుంచి మనకు చుక్క కూడా రాదు.

డాబా మీది ట్యాంకు ఇచ్చే ఒత్తిడి చాలా తక్కువ. నీటిమట్టం మీటరు ఎత్తున ఉంటే సుమారు 1.4 పీఎస్ఐ. ఒకటే అంతస్తున్న బడిలో ట్యాంకుకూ మిషనుకూ మధ్య మూడు మీటర్ల తేడా ఉంటే వచ్చేది నాలుగు పీఎస్ఐ. అందుకే మిషనులో చిన్న పంపు ఉంటుంది. అది 60 నుంచి 80 పీఎస్ఐ దాకా పెంచుతుంది. కానీ పంపు తన దగ్గరికి వచ్చిన నీళ్లనే తొయ్యగలదు. దానికే నీళ్లు సరిగా అందకపోతే గర్రుమని శబ్దం చేస్తుంది తప్ప ఒత్తిడి పెంచలేదు.

ప్లంబరు పంపు తర్వాత గొట్టంలో ఒక టీ ముక్క పెట్టి ఒత్తిడి మీటరు బిగించాడు. ముల్లు 28 దగ్గర ఆగింది. 11 ఉప్పుకే పోగా మెంబ్రేనుకు మిగిలింది 17. నిమిషానికి 50 మిల్లీలీటర్లు రావడంలో వింత లేదు.

నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో వెతకడానికి మీటరు కూడా అక్కర్లేదు. కరెంటు ప్లగ్గు తీసి, గోడకున్న కుళాయి నుంచి లీటరు పట్టారు. 15 సెకన్లలో నిండింది. తర్వాత మిషను బయట ఉండే మట్టి ఫిల్టరు దాటాక గొట్టం ఊడదీసి పట్టారు. లీటరు నిండడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఫిల్టరు గిన్నె విప్పితే లోపలి తెల్లని క్యాండిల్ ఇటుక రంగుకు తిరిగి, వేలు పెడితే జిగురుగా తగిలింది. ట్యాంకరు నీళ్ల బురద అంతా అందులోనే ఉంది. కొత్త క్యాండిల్ వేశాక లీటరు 50 సెకన్లలో నిండింది. పంపుకు అది చాలు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. వీళ్లు ఆగకుండా మళ్లీ కొలిచారు. ఒత్తిడి 55కు పెరిగింది. మంచినీళ్లు నిమిషానికి 135. బాగుంది. కానీ వదిలే నీళ్లు 480 నుంచి 700కు పెరిగాయి! ధార ఇంకా లావుగా కనబడేసరికి పిల్లలు "మేడం, ఇంకా పాడైపోయింది" అన్నారట. నిజానికి పాడవలేదు. లీటరు మంచినీళ్లకు తొమ్మిదిన్నర లీటర్లు పోయేది ఇప్పుడు ఐదుకు కొంచెం పైగా పోతోంది. అయినా ఐదు కూడా ఎక్కువే. ఒత్తిడి సరయ్యాక కూడా అంత పోతోందంటే దోషం వెళ్లే దారిలో ఉంది.

వెళ్లే దారిలో చిన్న ముక్క

మెంబ్రేను నుంచి మోరీకి పోయే గొట్టంలో వేలెడు పొడుగు తెల్ల ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాని పేరు ఫ్లో రిస్ట్రిక్టరు. మెకానిక్కులు ఎఫ్ఆర్ అంటారు. నీళ్లు పోయే దారిని ఇరుకు చేయడమే దాని పని. దారి ఇరుకైతే మెంబ్రేను దగ్గర ఒత్తిడి నిలుస్తుంది, నీళ్లు మంచివైపుకు దూరతాయి. దారి వెడల్పయితే పంపు ఎంత తోసినా అటే జారిపోతాయి. ముక్క మీద ఒక అంకె, బాణం గుర్తు ఉంటాయి. నిమిషానికి దాదాపు ఎన్ని మిల్లీలీటర్లు వదలాలో ఆ అంకె చెబుతుంది. బాణం నీళ్లు పోయే వైపు ఉండాలి.

ఈ మిషనులో ఉన్న మెంబ్రేను 75 జీపీడీ రకం. దానికి సాధారణంగా 450 అంకె ముక్క వేస్తారు. ఇక్కడ బిగించి ఉన్నది 800. అంతకు ముందెప్పుడో సర్వీసుకు వచ్చినవాళ్లు మెంబ్రేను ఎక్కువ రోజులు నిలవాలని పెద్దది వేసి ఉండొచ్చు, లేదా చేతిలో ఉన్నది వేసి పోయి ఉండొచ్చు. మెంబ్రేను మిగిలిందేమో గానీ ట్యాంకరు ఖర్చు పెరిగింది.

కరెంటు తీసి, లోపలికి వచ్చే వాల్వు కట్టేసి, 800 ముక్క తీసి 450 ముక్క బిగించారు. పది నిమిషాలు నడిచాక మళ్లీ కొలత. ఒత్తిడి 75. మంచినీళ్లు నిమిషానికి 170. వదిలినవి 430. లీటరుకు రెండున్నర. ఇప్పుడు 50 లీటర్లకు మిషను ఐదు గంటల లోపే నడిస్తే చాలు. వదిలేది 480 లీటర్లు కాదు, 126 లీటర్లు. క్యాండిలుకూ ఆ ముక్కకూ కలిపి ఖర్చు 300 రూపాయలు దాటలేదు.

ఇంకో లాభం కూడా కనబడింది. మంచినీళ్ల టీడీఎస్ మొదట 130 ఉండేది, ఇప్పుడు 85కు దిగింది. ఒత్తిడి తక్కువైతే నీళ్లు తక్కువగా దూరతాయి గానీ ఉప్పు దూరడం అదే లెక్కన తగ్గదు. అందుకే నీరసంగా నడిచే మిషను తక్కువ నీళ్లివ్వడమే కాక కొంచెం ఉప్పగా కూడా ఇస్తుంది. అలాంటప్పుడు టీడీఎస్ పెరిగింది కదా అని వెంటనే మెంబ్రేను మార్చడం దండగ.

ఇంకా చిన్న ముక్క వేస్తే?

రెండున్నర లీటర్లు ఎందుకు, 200 అంకె ముక్క వేస్తే లీటరుకు లీటరే పోతుంది కదా అని ప్లంబరును ఒక తండ్రి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఇప్పుడు లోపలికి వచ్చిన 600 మిల్లీలీటర్లలో 170 మంచివైపు పోతున్నాయి. వాటిలోని ఉప్పు మిగిలిన 430లో చేరుతుంది. అందుకే 1100 టీడీఎస్ నీళ్లు బయటికి వచ్చేసరికి 1500 అవుతాయి. సగానికి సగం తీయాలని చూస్తే 2200 అవుతాయి. మన బోరు నీళ్లకు గట్టిదనం ఎక్కువ. గిన్నెల అడుగున తెల్లగా పొర కట్టే ఆ సున్నమే అప్పుడు మెంబ్రేను మీద కూడా పొర కడుతుంది. కొన్ని నెలల్లోనే మంచినీళ్లు తగ్గి, టీడీఎస్ పెరిగి, మెంబ్రేను మార్చాల్సి వస్తుంది. గట్టి నీళ్లున్న చోట వచ్చిన నీళ్లలో పాతిక నుంచి ముప్పై శాతం తీసుకుని ఆగిపోవడం మేలు.

ఎఫ్ఆర్ ముక్క దానంతటదే సున్నం పట్టి పూడుకుపోవడం కూడా ఉంది. అప్పుడు వదిలే నీళ్లు తగ్గుతాయి. చూసేవాళ్లకు పొదుపుగా అనిపిస్తుంది. లోపల మెంబ్రేను మాత్రం సున్నం పట్టిపోతూ ఉంటుంది. వదిలే ధార సన్నబడినా సంతోషించకుండా కొలిచి చూడాలి.

మిషను ఆగినా ధార ఆగకపోతే

ఈ బడిలో లేని మరో దోషం చాలా ఇళ్లలో ఉంటుంది. మిషను ట్యాంకు నిండి పంపు ఆగిపోయాక కూడా వెనక గొట్టం కారుతూనే ఉంటుంది. లోపలికి నీళ్లు రానిచ్చే సోలెనాయిడ్ వాల్వులో ఇసుక రేణువు చిక్కుకుని అది పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. డాబా ట్యాంకు ఒత్తిడికే నీళ్లు రాత్రీ పగలూ బయటికి పోతాయి. పరీక్ష సులువు. రాత్రి పడుకునే ముందు ప్లగ్గు తీసేసి, గొట్టం కింద ఖాళీ బకెట్టు పెట్టాలి. మొదట గొట్టంలో మిగిలినవి కొంచెం కారి ఆగిపోవాలి. పొద్దున్నకు బకెట్టు నిండితే వాల్వు మార్చాలి. అందాకా వాడనప్పుడు గోడ దగ్గరి వాల్వు చేత్తో కట్టేస్తే చాలు.

బెంగళూరులో పది, పన్నెండు అంతస్తుల అపార్టుమెంట్లలో కింది ఇళ్లలో ఉండే తల్లిదండ్రులకు కష్టం వేరు. అక్కడ ట్యాంకు ఎత్తు వల్ల ఒత్తిడి 40 పీఎస్ఐ దాటుతుంది. గొట్టం అతుకులు ఊడిపోవడం, వాల్వులు చెడిపోవడం అందువల్లే. మిషనుకు ముందు ఒత్తిడి తగ్గించే వాల్వు బిగించుకోవాలి.

ఆ 126 లీటర్లు ఏం చేశారు

వదిలే నీళ్లు మురికి నీళ్లు కావు. ఆ బోరు నీళ్లే, ఉప్పు కాస్త చిక్కబడ్డవి. అయితే ఫ్లోరైడ్ కూడా వాటితో పాటు చిక్కబడుతుంది. ఈ బడిలో 1.9 ఉన్నది దాదాపు రెండున్నర అవుతుంది. కాబట్టి తాగడానికీ, వంటకూ, పశువుల తొట్టికీ పనికిరావు. మిషనులోని కార్బన్ ఫిల్టరు క్లోరిన్ను తీసేస్తుంది గనుక నిల్వ ఉంచితే తొందరగా వాసన వస్తాయి. ఏ రోజువి ఆ రోజే వాడేయాలి. మూత లేకపోతే దోమలు చేరతాయి.

మిషను కింద 100 లీటర్ల మూత డ్రమ్ము పెట్టి, అడుగున కుళాయి బిగించారు. గొట్టం చివర డ్రమ్ములోని నీళ్లలో మునగకుండా పైనే వేలాడుతుంది. మునిగితే డ్రమ్ములోని మురికి గొట్టంలోకి ఎక్కే వీలుంటుంది. మిషను మధ్యాహ్నం దాకా నడిచేలోపు డ్రమ్ము ఒకసారి ఖాళీ అవుతుంది కాబట్టి పొంగదు.

రోజూ 80 లీటర్ల దాకా మరుగుదొడ్లకే పోతాయి. అక్కడ టీడీఎస్ ఎంతైనా ఇబ్బంది లేదు. మరో 20 లీటర్లు వరండా తుడవడానికి, భోజనం పళ్లేలు మొదటిసారి తొలవడానికి. చివరి కడుగు మాత్రం మామూలు నీళ్లతోనే. నల్లరాయి గచ్చు మీద ఈ నీళ్లు ఆరితే తెల్లని మరకలు పడతాయి. తడిగుడ్డతో గట్టిగా పిండి తుడిస్తే అంతగా కనబడవు.

మిగిలిన 25 లీటర్లు చెట్లకు. ఇక్కడ కొంచెం చూసుకోవాలి. కొబ్బరి, సపోటా ఉప్పును తట్టుకుంటాయి. బీన్సు, ఉల్లి, క్యారెట్ తట్టుకోవు. కుండీ మొక్కలకు అసలు పోయకూడదు. కుండీలో ఉప్పు పోవడానికి దారి లేదు. బడి వెనక ఉన్న రెండు కొబ్బరి చెట్లకు రోజు మార్చి రోజు ఈ నీళ్లు, మధ్యలో మామూలు నీళ్లు పోస్తున్నారు. వానపడితే ఉప్పు కిందికి కడుక్కుపోతుంది. పాదులో మట్టి మీద తెల్లని పొర కనిపించినా, ఆకు కొసలు మాడుతున్నా ఆపేయాలి.

వదిలే నీళ్లను మళ్లీ డాబా ట్యాంకులోకే ఎక్కించి వాడుకుందామన్న ఆలోచన కూడా వచ్చింది. మిషను తాగేది ఆ ట్యాంకు నీళ్లే అయినప్పుడు అలా చేయకూడదు. తీసిన ఉప్పే మళ్లీ తిరిగి వచ్చి రోజురోజుకూ టీడీఎస్ పెరుగుతుంది. మిషను మరింత కష్టపడి మరింత వదులుతుంది.

అసలు ఆర్వో కావాలా?

కొన్ని బడులకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు. కావేరి నీళ్లో, మునిసిపాలిటీ శుద్ధి చేసిన నదీ జలాలో రోజూ వచ్చే చోట టీడీఎస్ 500 లోపు ఉండి, ల్యాబు రిపోర్టులో ఫ్లోరైడ్, నైట్రేటు పరిమితిలో ఉంటే ఆర్వో పెట్టి నీళ్లు వదిలేయాల్సిన పని లేదు. సూక్ష్మజీవుల కోసం యూవీ ఫిల్టరు చాలు. అది చుక్క కూడా వదలదు. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్వో వాడకాన్ని కట్టడి చేయాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రాన్ని ఆదేశించింది కూడా.

ఫ్లోరైడ్ ఉన్న చోట మాత్రం ఆర్వో ఉండాలి. అక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. చాలా మిషన్లలో రుచి కోసం వడగట్టని నీళ్లను కొంచెం కలిపే టీడీఎస్ కంట్రోలరు ఉంటుంది. దాన్ని తిప్పితే ఉప్పుతో పాటు ఫ్లోరైడ్ కూడా పిల్లల గ్లాసులోకి వస్తుంది. టీడీఎస్ మీటరు ఫ్లోరైడును విడిగా చూపించదు. ఈ బడిలో ఆ మరను పూర్తిగా మూసి, దాని మీద టేపు చుట్టారు.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి సోమవారం ఎనిమిదో తరగతి పిల్లలు రెండు కొలపాత్రలు తీసుకుని మిషను దగ్గరికి వస్తారు. మంచినీళ్లు, వదిలినవి, టీడీఎస్ మూడూ నోటుబుక్కులో రాస్తారు. మంచినీళ్లు, వదిలినవి రెండూ తగ్గితే ముందు క్యాండిల్ విప్పాలి. మంచినీళ్లు తగ్గి వదిలేవి పెరిగితే ఎఫ్ఆర్ ముక్క చూడాలి. క్యాండిల్ బాగుండి, ఒత్తిడి 70 దాటి, అప్పటికీ మంచినీళ్లు రాకపోతేనో, వాటి టీడీఎస్ దిగకపోతేనో మెంబ్రేను సంగతి ఆలోచించాలి. ఈ మూడు మాటలూ ఆ నోటుబుక్కు అట్ట లోపల రాసి అంటించారు. మెకానిక్కు వచ్చినప్పుడు ముందు ఆ పుస్తకమే చూపిస్తున్నారు.